హరిశ్చంద్రుడి అప్పు: నాటకం చూసేవాళ్లూ వేసేవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో శ్రీరామనవమికో జాతరకో హరిశ్చంద్ర నాటకం పెట్టినప్పుడు పద్యాలు బాగా వచ్చాయా లేదా అన్న మాట ఎంత వినబడుతుందో, కథ మీద సందేహాలూ అంతే వినబడతాయి. వాటిలో ఎక్కువ భాగం ఒక్కచోటికే వచ్చి ఆగుతాయి: ఆ బాకీ లెక్క ఏమిటి? విశ్వామిత్రుడు పెట్టిన పరీక్ష అంతా ఆ లెక్కలోనే ఉంది. అందుకే ఈ జవాబులు కూడా ఆ లెక్క వెంబడే నడుస్తాయి.

రాజ్యమంతా ఇచ్చేసినాక ఇంక అప్పేంది?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. ఇందులో రెండు మాటలున్నాయి, రెండు వేర్వేరు రోజుల్లో ఇచ్చినవి.

మన నాటకాల్లో వచ్చే కథ ప్రకారం విశ్వామిత్రుడు మొదట యాగం పేరు చెప్పి ధనం అడుగుతాడు. రాజు సరేనంటాడు, ధనం సిద్ధం చేస్తాడు. అప్పుడు ముని, "ఇప్పుడే అక్కర లేదు, నీ దగ్గరే ఉండనీ, కావలసినప్పుడు తీసుకుంటాను" అని వెళ్లిపోతాడు. అది మొదటి మాట. ఆ ధనం కోశాగారంలోనే ఉంది గాని, దాని మీద హక్కు ముని పేర రాసి పెట్టినట్టయింది.

తర్వాత వేట, ముని పంపిన మాతంగ కన్యలు, వాళ్లను పెళ్లాడనన్న రాజు మీద ముని ఆగ్రహం అన్నీ జరిగి, రాజు రాజ్యం మొత్తం ధారపోస్తాడు. రాజ్యం అంటే నేల, కోట, సేన, కోశాగారం అన్నీ కలిసే. అది రెండో మాట. ఇక్కడే మెలిక పడింది. మొదటి మాట కింద ఇవ్వాల్సిన ధనం కూడా ఆ కోశాగారంలోనే ఉంది కదా. కోశాగారమే మునిదైపోయాక, అందులోంచి తీసి మునికి ఇస్తే మునిసొమ్ము మునికే ఇచ్చినట్టు. అది ఇచ్చినట్టు కాదు. మొదటి బాకీ బాకీగానే మిగిలింది, తీర్చడానికి మాత్రం చేతిలో ఏమీ లేదు.

సీమలో పొలం అమ్ముకున్నవాళ్లకు ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. నీకు పది బస్తాల వేరుశనగ ఇస్తానని మాటిచ్చి, ఆ బస్తాలు ఉన్న కొట్టంతో సహా పొలాన్ని నీకే రాసిచ్చేశాను. బస్తాలు నీ చేతికి వచ్చాయి నిజమే, కానీ అవి పొలం లెక్కలో వచ్చాయి. ఇస్తానన్న పది బస్తాలు ఎక్కడ అని నువ్వు అడిగితే, మామూలు మనిషి "వచ్చాయి కదప్పా" అని తప్పించుకుంటాడు. హరిశ్చంద్రుడు అలా అనడు. పరీక్ష అంతా ఆ "అనకపోవడం" లోనే ఉంది.

పురాణంలోనూ ఇట్లే ఉందా?

లేదు. మార్కండేయ పురాణంలో యాగధనం, అప్పగింత, పందెం ఏవీ లేవు. అక్కడ రాజు వేటాడుతుండగా "రక్షించండి" అని ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తుంది. ఆ ఏడ్చేది మనుషులు కారు, విద్యలు. విశ్వామిత్రుడు తపస్సుతో వాటిని లొంగదీసుకుంటున్నాడు. ఆ సమయంలో విఘ్నరాజు రాజులో ప్రవేశిస్తాడు. రాజు ఎవడురా అక్కడ అని కోపంగా గద్దిస్తాడు. ముని నిష్ఠ చెడిపోతుంది, విద్యలు మాయమవుతాయి. ముని కోపం అక్కడ పుట్టింది. అంటే పురాణం ప్రకారం ఆ కోపానికి కారణం ఉంది, చేతికి అందబోయిన ఫలం జారిపోయింది.

తప్పు తెలుసుకున్న రాజు వణుకుతూ, "రాజు ధర్మం ఇవ్వడం, కాపాడటం, యుద్ధం చేయడం, నేను నా ధర్మమే చేశాను" అంటాడు. ముని ఆ మాటనే పట్టుకుంటాడు. "ఇవ్వడం నీ ధర్మమైతే నాకివ్వు." భార్య, కొడుకు, నీ శరీరం తప్ప మిగిలినవన్నీ ఇవ్వమంటాడు. రాజు ఇచ్చేస్తాడు. నారచీరలు కట్టుకొని బయలుదేరుతుంటే ముని దారికి అడ్డం నిలిచి, "రాజసూయ దక్షిణ ఇవ్వకుండా ఎక్కడికి?" అంటాడు.

ఇక్కడి లెక్క ఇంకో రకం. దానం వేరు, దక్షిణ వేరు. మన ఇళ్లలో బ్రాహ్మడికి బియ్యం, పప్పు, కూరగాయలు పళ్లెం నిండా స్వయంపాకం ఇచ్చినా, తమలపాకుల్లో ఒక నాణెం పెట్టకపోతే ఆ ఇవ్వడం పూర్తయినట్టు లెక్కించరు. ముని అడిగింది ఆ నాణెమే. కాకపోతే అప్పటికి రాజు దగ్గర మిగిలినవి మూడు శరీరాలు, అంతే.

తోవలు వేరైనా రెండు కథలూ ఒకచోటికే చేరతాయి: అంతా ఇచ్చేసిన తర్వాత ఒక బాకీ మిగలాలి. అది మిగలకపోతే కాశీ లేదు, అమ్మకం లేదు, కాడు లేదు.

మరి ఇంద్రసభలో పందెం ఎక్కడిది?

తెలుగులో ఈ కథకు పెద్ద కావ్యం 15వ శతాబ్దంలో గౌరన ద్విపదలో రాసిన హరిశ్చంద్రోపాఖ్యానం. ఇంద్రుడి కొలువులో వసిష్ఠుడు "అబద్ధమాడని రాజు హరిశ్చంద్రుడు" అనడం, విశ్వామిత్రుడు "ఆడిస్తా చూడు" అనడం, అక్కడి నుంచి కథ మొదలుకావడం మనవాళ్లకు అలవాటైన తోవ. నాటకమూ ఆ తోవలోనే నడిచింది. ఇందువల్ల ముని కోపం రంగు మారిపోయింది. పురాణంలో అది నష్టపోయినవాడి కోపం, నాటకంలో పంతం పట్టినవాడి కోపం. విశ్వామిత్రుడి వేషం కట్టేవాళ్లు ఇది ఆలోచించుకోవాలి. మొదటి నుంచి చివరిదాకా కళ్లెర్రజేసి అరవడమే కోపం అనుకుంటే, యాగధనం అడిగే సీను చెడిపోతుంది. అక్కడ ముని మెత్తగా మాట్లాడాలి. వల వేసేవాడు అరవడు.

ఏనుగు మీద నిలబడి విసిరినంత ఎత్తు ధనం అంటారు. అదెంత?

ఏనుగు మీద నిలబడిన బలశాలి పైకి విసిరితే ఆ వస్తువు ఎంత ఎత్తుకు పోతుందో, అంత ఎత్తు ధనరాశి కావాలని ముని అడుగుతాడు. ఇన్ని వరహాలని అంకె చెప్పడు. ఆ కోరికలో గమ్మత్తు ఏమిటంటే ఎత్తు చెప్పాడు గాని చుట్టుకొలత చెప్పలేదు.

కళ్లంలో జొన్నలు కుప్ప పోసినవాళ్లకు ఇది చెప్పనక్కర లేదు. గింజలు గోడలాగా నిలబడవు, జారతాయి. కుప్ప ఎత్తు పెరగాలంటే అడుగు కూడా అన్ని వైపులా వెడల్పు కావాలి. ఎత్తు రెండింతలు కావాలంటే పొడవు, వెడల్పు కూడా రెండింతలవుతాయి, గింజలు మాత్రం ఎనిమిదింతలు పడతాయి. మూడింతల ఎత్తుకు ఇరవై ఏడింతలు. నాణేలూ అలాగే జారతాయి. అడిగినప్పుడు వినడానికి చిన్నదిగా ఉండి, పోయబోతే కోశాగారం ఖాళీ అయ్యే కోరిక అది. రాజు ఆ లెక్క వేయకుండా సరేనన్నాడు. లెక్క వేసుకొని ఇచ్చే మాట అయితే పరీక్ష అవసరమే ఉండేది కాదు.

స్టేజీ మీద ఈ మాటను పద్యంలో లాగి పాడేస్తే కొలత ఎవరికీ తలకెక్కదు. పద్యం అయ్యాక మునివేషం ఒకసారి వచనంలో, చేయి పైకెత్తి చూపిస్తూ చెప్పాలి. ఆ తర్వాత "ప్రస్తుతం నీ దగ్గరే ఉండనీ" అన్న వాక్యాన్ని ఒక్క క్షణం ఆగి మరీ చెప్పాలి. నాటకం మొత్తంలో అన్నిటికంటే చిన్నదీ, అన్నిటికంటే అవసరమైనదీ ఆ వాక్యమే. అది మింగేశారో లేదో తెలుసుకోవడం సులువు: రాజ్యదానం అయ్యాక జనంలో పక్కవాళ్లను అడుక్కునే గుసగుసలు మొదలైతే, మింగేసినట్టే.

నక్షత్రకుడు ఎవరు? ఆయన్ని చూస్తే నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది.

విశ్వామిత్రుడి శిష్యుడు, బాకీ వసూలుకు రాజు వెంట పంపిన మనిషి. మార్కండేయ పురాణంలో లేడు, అక్కడ ముని తానే వచ్చి అడుగుతాడు. తెలుగువాళ్లకు మాత్రం హరిశ్చంద్రుడి పేరెంతో ఈయన పేరూ అంతే. అప్పులవాడు ఇంటి ముందు కదలకుండా కూర్చుంటే "నక్షత్రకుడిలా తగులుకున్నాడు" అనడం ఇప్పటికీ ఉంది.

అడవి సీనులో ఆయన పని రాజు చేత ఒక్క మాట అనిపించడం. కాళ్లు నొప్పంటాడు, మోయమంటాడు, ఆకలంటాడు, దాహమంటాడు. రాజు కొడుకు లోహితాస్యుడు నడవలేక ఏడుస్తుంటే తన బాధ ముందు చూడమంటాడు. ఇదంతా చేసి, మధ్యలో మెల్లగా దారి చూపిస్తాడు: "ఇవ్వనను, నేను ఇచ్చిన మాట లేదను, తిరిగి పోతాను." గమనిస్తే ఈ పరీక్షలో తలుపు ఎప్పుడూ మూసి లేదు. ఏ క్షణంలోనైనా ఒక్క వాక్యంతో బయటపడవచ్చు. రాజ్యం పోయినప్పుడూ, దారిలోనూ, సంతలోనూ, కాట్లోనూ ఆ తలుపు తెరిచే ఉంది. బలవంతంగా కష్టపెట్టడం వేరు, తలుపు తెరిచి ఉంచి కష్టపెట్టడం వేరు. ముని పెట్టింది రెండోది.

అందుకే నక్షత్రకుణ్ణి వట్టి హాస్యగాడిగా మార్చేయడం నష్టం. జనం నవ్వుతారు, ఈలలు వేస్తారు, దాంతో వేషగాడు సినిమా మాటలు కలుపుతాడు, సీను అరగంట సాగుతుంది. ఆ నవ్వుల్లో "ఇవ్వనను" అన్న మాట కొట్టుకుపోతుంది. ఆ ఒక్క మాట దగ్గర నవ్వు ఆగాలి. మంచి నక్షత్రకుడు అక్కడ గొంతు తగ్గిస్తాడు, నిజంగా జాలితోనే చెప్తున్నట్టు చెప్తాడు.

గడువు ఎన్నాళ్లు? కాశీకే ఎందుకు పోవాల?

పురాణంలో గడువు ఒక నెల. ముని దానం పట్టిన భూమి అంతా మునిదే, దాని మీద నిలబడి సంపాదించినా మునిసొమ్మే. కాశీ శివుడిది, మనుషులు అనుభవించే రాజ్యంలో చేరదు. ఆ నమ్మకంతోనే రాజు అక్కడికి నడిచాడు. పుణ్యం కోసం పోయిన యాత్ర కాదది, ఇంకొకరిది కాని నేల వెతుక్కుంటూ పోవడం.

నగరంలో అడుగుపెట్టేసరికి ముని ఎదురుగా నిలబడి ఉంటాడు. నెల నిండింది, దక్షిణ ఇవ్వమంటాడు. ఇంకా సగం రోజు ఉందని రాజు అంటాడు. భార్యను, కొడుకును అమ్మిన సొమ్ము ముని చేతిలో పెట్టేసరికి పగటిలో నాలుగో వంతు మాత్రమే మిగులుతుంది. ఆ సొమ్ము చూసి ముని ఇది నాకు తగిన దక్షిణా అని మండిపడతాడు. గడువును ఇలా నెల నుంచి పూటకు, పూట నుంచి ఘడియలకు బిగించుకుంటూ రావడం పురాణకథకుడి నేర్పు. దీపాలంకరణ చేసేవాళ్లు అమ్మకం సీనులో వెలుగును పసుపు నుంచి ఎరుపులోకి మెల్లగా దించితే, ఎవరూ చెప్పకుండానే పొద్దు వాలుతోందని తెలిసిపోతుంది.

పెళ్లాన్ని అమ్మడం ఏం సత్యం? మా ఇంటి ఆడోళ్లు అడుగుతా ఉండారు.

అడగవలసిన ప్రశ్నే, దాటేయకూడదు. పురాణం కూడా దాన్ని మామూలు విషయంగా చెప్పలేదు. దానం అడిగేటప్పుడు ముని భార్యను, కొడుకును విడిచిపెట్టాడు, అంటే వాళ్లు ఆ దానంలో లేరు. అమ్మమన్న మాట రాణి నోట వస్తుంది. రాజు అనడు. ఆ మాట చెప్పడానికి ఆమె మొదలుపెట్టి ఆగి, ఏడ్చి, మళ్లీ చెప్తుంది. అది విని రాజు మూర్ఛపోతాడు. తెలివి వచ్చాక కూడా, సంతలో నిలబడి, "ఎవడివని అడుగుతారేమో, క్రూరుణ్ణి, మనిషిని కాను" అన్న ధోరణిలోనే పిలుస్తాడు. తాను చేసేది మంచి పని అని ఎక్కడా అనుకోడు.

కొన్న ముసలి బ్రాహ్మణుడు ఆ డబ్బును రాజు కట్టుకున్న నారచీర కొంగున ముడివేస్తాడు. తల్లి కొంగు పట్టుకొని పిల్లవాడు వదలడు. అప్పుడు వాణ్ణీ కొంటాడు, రెండోసారి ముడి పడుతుంది. ఆ కొంగుముడి ఒక్కటే చాలు, రంగస్థలం మీద వేరే ఏ సామగ్రీ అక్కర లేదు. నాటకంలో ఆ బ్రాహ్మణుడు కాలకౌశికుడు, రాణి చంద్రమతి, కొడుకు లోహితాస్యుడు. సంస్కృతంలో ఆమె శైబ్య, కొడుకు రోహితుడు.

ఈ సీనులో వేలంపాట పాడినట్టు చేతులూపుతూ, జనం వైపు తిరిగి చప్పట్లు రాబట్టే హరిశ్చంద్రులు ఉన్నారు. అది తప్పు. చంద్రమతి వేషానికి ఇక్కడ నాలుగు మాటలు ఎక్కువ ఇవ్వండి, రాజుకు నాలుగు పద్యాలు తగ్గించండి. ఆమె నిర్ణయం వినబడితేనే సీనుకు ప్రాణం.

కాటి యజమాని వీరబాహుడు రాజును కొనడమే పెద్ద అవమానం అన్నట్టు ఆడతారు. అది సబబేనా?

పాత గ్రంథాల్లో కులం మాట అలాగే ఉంది. పురాణంలో రాజు మొదట ఒప్పుకోడు, చండాలుడికి దాసుణ్ణి కాలేను, నీకే దాసుణ్ణవుతానని మునిని బతిమాలుతాడు. "నాకు దాసుడివైతే నా మాట వినాలి, నిన్ను ఇతనికి అర్బుదం ధనానికి ఇచ్చాను" అని ముని అంటాడు. ఆ మాటతో రాజు నోటికి తాళం పడింది. కాని అదే గ్రంథంలో ఆ కొన్నవాడి రూపంలో వచ్చింది ఎవరు? సాక్షాత్తు ధర్ముడు. రాజు చిన్నచూపు చూసిన చోటే ధర్మం నిలబడి ఉంది. పరీక్షలో ఇది కూడా ఒక భాగమే, రాజు మొదట తడబడిన భాగం.

అందుకని వీరబాహుణ్ణి కల్లు తాగి తూలే వెకిలివేషంగా చూపించడం, కులం మీద మాటలు విసరడం కథకే ఎదురు. వీరబాహుడు కథలో మాట తప్పని యజమాని. డబ్బు పూర్తిగా ఇచ్చాడు, పని ఏమిటో తేటగా చెప్పాడు, అన్యాయంగా పైసా అడగలేదు. కాటి సీనులో గుర్రం జాషువా శ్మశానవాటిక పద్యాలు పాడటం మనకు ఆనవాయితీ అయింది. రాజూ పేదా ఒకే మట్టిలో కలిసే చోటు అది అని చెప్పే ఆ పద్యాలు నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసినవి కావు, తర్వాత వచ్చి చేరినవి. కుల వివక్షను బతుకంతా ఎదిరించిన కవి పద్యాలు పాడి, వెంటనే వీరబాహుడి మీద కులం జోకు వేస్తే ఆ రెండూ ఒక స్టేజీ మీద ఇమడవు.

కాట్లో సొంత కొడుకు శవానికి సుంకం మాఫీ చేయగూడదా? ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్నకు పురాణంలో ఒక చిన్న లెక్క దొరుకుతుంది. కాటిలో వచ్చే ఆదాయం ఆరు భాగాలు. అందులో ఒకటి రాజుకు, మూడు యజమానికి, రెండు కాపలావాడి కూలి. పని అప్పగించేటప్పుడే యజమాని ఈ వాటాలు చెప్తాడు.

దీన్ని నాటకంలోని సుంకం సన్నివేశానికి పెట్టి చూద్దాం. సుంకం ఆరు కాసులనుకోండి. చంద్రమతి చేతిలో ఒక్కటీ లేదు. కాపలావాడు దయతలిచి వదిలేయగలిగింది తన కూలి రెండు కాసులు మాత్రమే. మిగిలిన నాలుగింటిలో మూడు యజమానివి, ఒకటి ఆ దేశపు రాజుది. అవి వదిలేస్తే అది దయ కాదు, ఇంకొకరి సొమ్ముతో చేసిన దయ. రెండు వదిలినా నాలుగు కావాలి, ఆ నాలుగు తన దగ్గరా లేవు, ఆమె దగ్గరా లేవు. ఎటు తిప్పినా లెక్క తెగదు. తన రాజ్యాన్ని తాను ఇచ్చేయడం కంటే, తనది కాని నాలుగు కాసుల్ని ఇవ్వకుండా ఉండటం కష్టమైన పరీక్ష. ముని రాజ్యదానం దగ్గర ఆగకపోవడానికి కారణం ఇక్కడ కనబడుతుంది.

ఒక మాట చెప్పుకోవాలి. భార్యను సుంకం అడిగే ఘట్టం తెలుగు నాటకానికి గుండెకాయ గాని, మార్కండేయ పురాణంలో దానికి అంత చోటు లేదు. అక్కడ దయ్యాల్లా మారిపోయిన రూపాల్లో ఇద్దరూ ఒకరినొకరు ముందు గుర్తుపట్టరు. ఆమె విలాపంలోని మాటలు విని అతడికి తెలుస్తుంది. నాటకంలో చీకట్లో మంగళసూత్రం కనబడుతుంది, అది భర్తకు తప్ప వేరొకరికి కనబడదన్న వరం ఉండటంతో ఇద్దరికీ సంగతి తెలుస్తుంది. ఆ ఏర్పాటు గొప్పది: సుంకం కింద అమ్ముకోవడానికి ఏముందని వెతుకుతుంటే మిగిలిన ఒకే ఒక్క బంగారం బయటపడటం, అది అడిగినవాడు కట్టిందే కావడం.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు: గుర్తుపట్టగానే ఇద్దరూ ఏడుస్తారు, హార్మోనియం ఎత్తుకుంటుంది, పద్యాల మీద పద్యాలు పడతాయి, వన్స్‌మోర్‌లు వస్తాయి, ఆ హోరులో సుంకం సంగతి అందరూ మరిచిపోతారు. ఏడుపు అయ్యాక హరిశ్చంద్రుడు మళ్లీ కర్ర చేతికి తీసుకొని సుంకం అడగాలి. భార్య అని తెలిశాక అడిగిన ఆ రెండోసారే పరీక్ష. తెలియక అడిగిన మొదటిసారి వట్టి ఉద్యోగం.

మూడు గంటల్లో ముగించమంటున్నారు. ఏ సీన్లు ఉంచాల?

రాత్రంతా ఆడితే అడవికి ఒక హరిశ్చంద్రుడు, కాటికి ఒక హరిశ్చంద్రుడు అని వేషగాళ్లు మారతారు. టైము తక్కువైతే ఇద్దర్నీ పిలిచి ఇద్దరికీ పద్యాలు పంచడం కంటే ఒక్కరితో నడిపించడం మేలు. ఇద్దరుంటే మాత్రం గడ్డం, భుజం మీది గుడ్డ ఒకే తీరుగా ఉండేట్టు చూసుకోండి, లేకపోతే పిల్లలు ఎవరో కొత్త మనిషి వచ్చాడనుకుంటారు.

ఉంచవలసినవి నాలుగు: యాగధనం అడిగి అప్పగించడం, రాజ్యదానం, అమ్మకం, కాడు. ఇంద్రసభను సూత్రధారి రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. వేటలో జంతువుల హడావిడి మొత్తం తీసేయొచ్చు. అడవి సీనులో నక్షత్రకుడి ఒక్క ఘట్టం చాలు. కాలకౌశికుడి ఇంటి రాద్ధాంతం చాలా చోట్ల అరగంట తింటుంది, లోహితాస్యుడు దర్భలకు పోయి పాము కాటు తినడం ఒక్కటి తెలిస్తే సరిపోతుంది. కాటి సీను ఒక్కటే వేస్తామనేవాళ్లు కనీసం తెర లేవక ముందు బాకీ కథను పది వాక్యాల్లో మైకులో చెప్పించండి. పద్యనాటకానికి సీమ కొత్తది కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సమాజం, ధర్మవరం రామకృష్ణమాచార్యుల పేరు, తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ, వీళ్లందరి నేల ఇది. ఇక్కడి జనం పద్యం వింటారు, దాని వెనుక కథ అందితే ఇంకా శ్రద్ధగా వింటారు.

వేదంలో హరిశ్చంద్రుడు అబద్ధమాడాడంటారే?

ఐతరేయ బ్రాహ్మణంలో ఉన్నది వేరే కథ. అక్కడ రాజుకు పిల్లలు లేరు. కొడుకు పుడితే నీకే బలిస్తానని వరుణుడికి మాటిచ్చి, రోహితుడు పుట్టాక పది రోజులు కానీ, పళ్లు రానీ, పాలపళ్లు ఊడనీ అని వాయిదాలు వేస్తాడు. చివరికి కొడుకు అడవికి పారిపోతాడు, రాజుకు పొట్ట ఉబ్బే జబ్బు చేస్తుంది. రోహితుడు నూరు ఆవులిచ్చి శునశ్శేపుడనే కుర్రవాణ్ణి బదులుగా కొంటాడు. దేవతలు ఆ కుర్రవాణ్ణి విడిపిస్తారు, విశ్వామిత్రుడు కొడుకుగా చేర్చుకుంటాడు. అది అబద్ధం కంటే వాయిదా కథ. అప్పూ, గడువూ, కొడుకూ, విశ్వామిత్రుడూ అక్కడా ఉన్నారు. వాయిదాలు వేసిన రాజు పేరే తర్వాతి కథలో పూట గడువు కూడా దాటనివాడి పేరు కావడం గమనించదగ్గది.

చివరికి కత్తి పూలదండ అవుతుంది, అప్పు తీరినట్టేనా?

నాటకంలో కాశీ రాజకుమారుణ్ణి చంపిన నేరం చంద్రమతి మీద పడి, ఆమెను నరకమని హరిశ్చంద్రుడికే ఆజ్ఞ వస్తుంది. ఎత్తిన కత్తి దండగా మారి, శివుడు, ముని ప్రత్యక్షమవుతారు. చూడటానికి బాగుంటుంది, తెర పడటానికి సరిపోతుంది.

పురాణంలో ముగింపు మెల్లగా, మనుషుల మధ్య జరుగుతుంది. భార్యాభర్తలు కొడుకు చితిలోనే కాలిపోదామనుకుంటారు. అక్కడ కూడా రాజుకు వచ్చిన మొదటి అనుమానం, యజమాని అనుమతి లేకుండా చావవచ్చునా అని. దేవతలు వచ్చి పిల్లవాణ్ణి బతికించి స్వర్గానికి రమ్మంటారు. మళ్లీ అదే మాట: నా యజమానికి చెప్పకుండా రాలేను. ధర్ముడు ఆ యజమానిని నేనేనని చెప్పాక ఆ ముడి విడిపోతుంది.

అయినా బయలుదేరడు. అయోధ్యలో తన కోసం ఏడుస్తున్న జనం ఉన్నారని, వాళ్లను వదిలి రానని అంటాడు. ఎవరి పుణ్యం వాళ్లదే కదా, అందరూ ఒకేసారి ఎట్లా వస్తారని ఇంద్రుడు అడుగుతాడు. రాజు సంపద, యాగాలు అన్నీ ఆ జనం వల్లనే నడిచాయి, నేను చేసిన పుణ్యంలో వాళ్లకూ పాలుంది అంటాడు. నేను ఎన్నాళ్లో అనుభవించవలసిన ఫలమైతే, దాన్ని అందరికీ పంచి, వాళ్లతో కలిసి ఒక్కరోజే ఉండనివ్వమంటాడు. ఇంద్రుడు సరేనంటాడు. విశ్వామిత్రుడే రోహితుణ్ణి అయోధ్య సింహాసనం మీద కూర్చోబెట్టి అభిషేకం చేస్తాడు.

ఈ ఘట్టాన్ని మన స్టేజీల మీద దాదాపు ఎవరూ ఆడరు. దీనికి పద్దెనిమిది పద్యాలు అక్కర లేదు. మంగళం పాడబోయే ముందు, కాటికాపరి గుడ్డలోనే ఉన్న హరిశ్చంద్రుడు స్టేజీ అంచుకు వచ్చి, ఎదురుగా నేల మీద కూర్చున్న ఊరివాళ్ల వైపు చేయి చాపి "వీళ్లు లేకుండా నేను రాను" అంటే చాలు.